జెట్టీ మీద ఖాళీ

2025 ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. ఆ రాత్రే భీమవరం నుంచి మా బావ ఫోన్ చేశాడు. ఆయనకి ఆరు రొయ్యల చెరువులున్నాయి. నేను విశాఖలో ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో పని చేస్తాను కాబట్టి, ఢిల్లీలో ఏమనుకుంటున్నారో నాకు ముందే తెలుస్తుందని ఆయన నమ్మకం. నిజానికి నాకు తెలిసేది షిప్పింగ్ బిల్లుల వరకే.

"వాళ్లు యాభై వేస్తే మనం డెబ్భై వెయ్యాలి బావా. లేకపోతే ఇంకెక్కడ ఆగుతారు?" అన్నాడు. పక్క నుంచి మా మేనల్లుడు ఫోన్ అందుకున్నాడు. ఎంబీయే రెండో ఏడాది. "ఇది ప్రిజనర్స్ డైలమా మావయ్యా. అవతలివాడు దెబ్బ కొట్టినప్పుడు మనం ఊరుకుంటే సున్నా మనకే. ఎవరేం చేస్తే ఎవరికెంతో టేబుల్ వేస్తే తెలిసిపోతుంది" అన్నాడు.

ఆ టేబుల్ నాకూ తెలుసు. కానీ వాడు దాన్ని వేయకూడని చోట వేశాడని అప్పుడే అనిపించింది. ఎందుకు వేయకూడదో మాత్రం ఫోన్లో చెప్పలేకపోయాను. తర్వాత చాలా రోజులు అదే బుర్రలో తిరిగింది. నాకు తేలింది ఇది: ఆయుధాల ఒప్పందాలకు ఆ టేబుల్ బాగానే సరిపోతుంది, అక్కడ అసలు జబ్బు అవతలివాడు చేసేది కనబడకపోవడం. సుంకాల్లో అన్నీ కనబడుతూనే ఉంటాయి. అక్కడ జబ్బు వేరు. అందుకే ఒకదాని మందు ఇంకోదానికి పని చెయ్యదు.

ముందు టేబుల్

పోలీసులు విడివిడిగా ప్రశ్నిస్తుంటే, ఒకరి మీద ఒకరు చెప్పాలా నోరు మూసుకోవాలా అని తేల్చుకోవాల్సిన ఇద్దరు ఖైదీల కథ చాలామందికి తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను. 1950లో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ ఈ ఆట తయారుచేస్తే, దానికి ఖైదీల కథ తొడిగింది ఆల్బర్ట్ టక్కర్. నేను సూటిగా క్షిపణులతోనే చెబుతాను.

రెండు దేశాలు క్షిపణులు చెయ్యకూడదని మాట ఇచ్చుకున్నాయి. ఇద్దరూ మాట మీద ఉంటే చెరో 3 పాయింట్లు అనుకుందాం: డబ్బు మిగులుతుంది, భయం తగ్గుతుంది. ఇద్దరూ మాట తప్పితే చెరో 1. ఒకడు రహస్యంగా చేసి, ఇంకొకడు నమ్మి కూర్చుంటే, చేసినవాడికి 5, నమ్మినవాడికి 0.

ఇప్పుడు మొదటి దేశం కుర్చీలో కూర్చోండి. అవతలివాడు మాట మీద ఉన్నాడనుకుంటే, నేనూ ఉంటే 3, తప్పితే 5. తప్పడమే లాభం. అవతలివాడు తప్పాడనుకుంటే, నేను నిలబడితే 0, నేనూ తప్పితే 1. అప్పుడూ తప్పడమే లాభం. అంటే వాడేం చేస్తాడో తెలుసుకోవాల్సిన పని కూడా లేదు. అవతలి కుర్చీలోనూ ఇదే లెక్క. ఇద్దరూ తెలివిగా ఆలోచించి, చెరో 3 బల్ల మీద వదిలేసి, చెరో 1 పట్టుకుని ఇంటికి వెళ్తారు.

మా మేనల్లుడి చదువు ఇక్కడ ఆగింది. అయితే ఈ లెక్క ఒక్కసారి ఆడే ఆటది. దేశాలు ఏటేటా ఆడతాయి. ఈ ఏడాది మోసం చేస్తే వచ్చే ఏడాది అవతలివాడూ మొదలెడతాడు, ఆ తర్వాత ఇద్దరికీ చెరో 1. కాబట్టి అసలు ప్రశ్న మోసం లాభమా అని కాదు. దొరికేలోపు వచ్చే లాభం పెద్దదా, దొరికాక పోయేది పెద్దదా అని.

దీన్ని కాగితం మీద వేసి చూడొచ్చు. దొరికే దాకా మోసగాడికి ఏటా 3 బదులు 5 వస్తుంది, అంటే 2 ఎక్కువ. దొరికాక ఏటా 3 బదులు 1 వస్తుంది, అంటే 2 తక్కువ. రెండూ సమానం కాబట్టి, దొరకక ముందు ఏళ్ల బరువెంత, దొరికాక ఏళ్ల బరువెంత అన్నదొక్కటే చూడాలి. వచ్చే ఏడాది రూపాయిని ఈ ఏడాది 90 పైసలుగా చూసే ప్రభుత్వం ఉందనుకోండి. ఈ ఏడాది బరువు 1, వచ్చే ఏడాది 0.9, ఆపై 0.81. ఇలా చివరి దాకా కూడితే మొత్తం 10 అవుతుంది. మోసం ఆరేళ్లు దాగితే, ఆ ఆరేళ్ల బరువు 4.69, మిగతా కాలం బరువు 5.31. మోసం గిట్టదు. ఏడేళ్లు దాగితే 5.22కి 4.78. గిట్టేస్తుంది. ఒక్క ఏడాది తేడాతో ఒప్పందం కూలిపోయింది. మనుషులు మారలేదు, నీతి మారలేదు, కనిపెట్టే వేగం మారింది.

అదే ప్రభుత్వానికి ఎన్నికల టెన్షన్ ఉండి, వచ్చే ఏడాది రూపాయి 70 పైసల్లా కనిపిస్తోందనుకోండి. అప్పుడు రెండేళ్లు దాగినా చాలు, 1.70కి 1.63. అంటే తొందరలో ఉన్నవాడితో ఒప్పందం నిలవాలంటే మోసాన్ని ఏడాదిలోపే పట్టుకోగలగాలి.

ఈ 5, 3, 1, 0 నేను పెట్టుకున్న అంకెలే. ఏ దేశపు ఖజానాలోనూ ఇవి ఉండవు. ఆరేళ్లా, తొమ్మిదేళ్లా అన్నది అంకెల్ని బట్టి మారుతుంది. మారనిది ఒక్కటే: నమ్మకం అని మనం పిలిచేదాంట్లో చాలా భాగం, త్వరగా దొరికిపోతామన్న ఎరుక.

హార్బర్లో విన్న మాట

ఇదంతా నాకు పుస్తకంలో కన్నా ఫిషింగ్ హార్బర్లో బాగా అర్థమైంది. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం. నిజానికి అది కూడా ఈ టేబులే: అందరూ ఆగితే జూన్‌లో అందరికీ చేప, ఒక్కడు దొంగతనంగా వెళితే సముద్రమంతా వాడిదే.

మా వీధిలో ఒక బోటు ఓనరు ఉన్నాడు. ఓ మే నెలలో టీ తాగుతూ అడిగాను, రాత్రిపూట ఎవరూ వెళ్లరా అని. ఆయన నవ్వాడు. "ఎలగెళ్తారండీ? బోట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసుంటాయి. ఒక్క బోటు కదిలితే జెట్టీ మీద ఖాళీ కనబడిపోద్ది. తెల్లారేసరికి హార్బరంతా తెలిసిపోద్ది."

మరి వల కన్ను మరీ చిన్నగా ఉండకూడదన్న నియమం సంగతేమిటన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి అటూ ఇటూ చూశాడు. "అది నీళ్లల్లో ఉంటదండి. ఎవడు చూసొచ్చాడు?"

అదే మనుషులు, అదే సముద్రం. కనబడే నియమం నిలబడింది, కనబడనిది జారిపోయింది. ఆయన్ని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. పక్కవాడి వల నీళ్లలో ఎలా ఉందో తెలియనప్పుడు తన వల మాత్రం పెద్ద కన్నుతో వేసేవాడికి వచ్చేది ఆ సున్నానే.

ఏడా, మూడా

1963లో అణు పరీక్షల ఒప్పందం దగ్గర అచ్చంగా ఇదే జరిగింది. అన్ని పరీక్షలూ ఆపేద్దామని అమెరికా, సోవియట్ యూనియన్ ఏళ్ల తరబడి మాట్లాడుకున్నాయి. గాలిలో పేలిస్తే దాచలేరు, ధూళి దేశాలు దాటి వస్తుంది, గాలిని వడగట్టి పట్టేస్తారు. భూమి లోపల పేలిస్తే మాత్రం దూరంలో ఉన్న భూకంప యంత్రానికి అందేది ఒక కుదుపు. ఆనాటి యంత్రాలతో చిన్న కుదుపు భూకంపమో బాంబో ఖాయంగా తేల్చడం కష్టం. అనుమానం వచ్చిన చోటికి మనిషి వెళ్లి చూడాలి. ఏడాదికి ఎన్నిసార్లు వెళ్లాలి? అమెరికా దిగివచ్చి దిగివచ్చి 7 దగ్గర ఆగింది. సోవియట్ 3 దాటలేదు.

చిన్నప్పుడు ఇది చదివి, నాలుగు తనిఖీల కోసం ప్రపంచాన్ని పణంగా పెట్టారా అని కోపం వచ్చింది. ఇప్పుడు అంత సులువుగా అనలేను. సోవియట్ వైపు నుంచి చూస్తే తనిఖీకి వచ్చేవాడు గూఢచారి కూడా. బాంబు కోసమని వచ్చి, పక్కనున్న రైల్వే లైనూ రాడారూ చూసి పోతాడు. టేబుల్లో లేని ఖర్చు అది: కనబడడానికీ ధర ఉంది, బలహీనంగా ఉన్నవాడికి ఆ ధర ఎక్కువ. అమెరికా వైపు నుంచి చూస్తే, తనిఖీలు తగ్గేకొద్దీ మోసం దాగే ఏళ్లు పెరుగుతాయి.

చివరికి గీత ఎక్కడ పడిందో చూడండి. 1963 ఆగస్టు 5న మాస్కోలో సంతకాలైన ఒప్పందం గాలిలో, అంతరిక్షంలో, నీటి అడుగున పరీక్షల్ని నిషేధించింది. భూగర్భాన్ని వదిలేసింది. చూపు ఎక్కడ ఆగిందో ఒప్పందమూ అక్కడే ఆగింది. నిషేధించిన చోట సంతకం చేసిన దేశాలు మాట నిలబెట్టుకున్నాయి. వదిలేసిన చోట ఏమైంది? ఆ తర్వాత అమెరికా భూమి లోపల చేసిన పరీక్షలు, అంతకు ముందు దాకా అది చేసిన మొత్తం పరీక్షలకన్నా ఎక్కువ. పెద్ద కన్ను వల చూపించి, చిన్న కన్ను వల వేసినట్టు.

1987 నాటి మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం దీనికి తిరగబడ్డ రూపం. సోవియట్ నాయకుడు గోర్బచెవ్ అమెరికా మనుషుల్ని లోపలికి రానివ్వడానికి ఒప్పుకున్నాడు. రష్యాలోని వోట్కిన్స్క్ క్షిపణి కర్మాగారం గేటు బయట అమెరికన్లు కాపు కాశారు, అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక కర్మాగారం బయట సోవియట్లు కాపు కాశారు. 2,692 క్షిపణులు ధ్వంసమయ్యాయి. 1963లో మూడు దాటితే తనిఖీలు ఎక్కువనుకున్న దేశమే ఇది.

కనిపెట్టడంలో ఇంకో చిక్కుంది, అది నాకు ఇప్పటికీ పూర్తిగా తెగలేదు. లేని మోసం కనబడితే? 1997 ఆగస్టులో రష్యా ఉత్తరాన కారా సముద్రం ప్రాంతంలో ఒక కుదుపు నమోదైంది. అక్కడికి దగ్గర్లోనే నొవాయా జెమ్ల్యా అణు పరీక్షా క్షేత్రం. అమెరికా అధికారులు పరీక్ష చేశారేమోనని అనుమానించారు. నవంబరుకి వచ్చేసరికి ఆ మాట వెనక్కి తీసుకున్నారు, కుదుపు వచ్చింది క్షేత్రంలో కాదు, దూరంగా సముద్రం అడుగున. ఆ మూడు నెలల్లో 'దెబ్బకు దెబ్బ' సూత్రం పాటించి ఉంటే? ఈ ఆటనే ప్రోగ్రాముల చేత మళ్లీ మళ్లీ ఆడిస్తూ రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ పెట్టిన కంప్యూటర్ పోటీల్లో ఆ సూత్రమే నెగ్గింది, నిజమే. దాన్ని పంపిన అనటోల్ రాపపోర్ట్ ప్రోగ్రాము అన్నిటికన్నా చిన్నది: మొదట మంచిగా ఉండు, తర్వాత అవతలివాడు చేసిందే చెయ్యి. కానీ ఇద్దరూ అదే పాటిస్తున్నప్పుడు ఒక్క దెబ్బ పొరపాటున పడితే, ఇవాళ నువ్వు, రేపు నేను అంటూ అది ఆగకుండా మార్మోగుతుంది. ఎవరో ఒకరు ఒక దెబ్బ మింగితేనే ఆగుతుంది. ఎన్ని మింగాలి? ఎక్కువ మింగేవాడిని చూసి అవతలివాడు మోసం మొదలెడతాడు. మూడు నెలలు ఆగి చూడగలగడం, దానికి తగ్గ యంత్రాలుండడం, నాకు తెలిసినంతలో అదే మంచి జవాబు.

సుంకంలో దాచేదేముంది?

ఇప్పుడు మా మేనల్లుడి దగ్గరికి వస్తాను. పై లెక్కనే సుంకాలకి పెట్టి చూడండి. సుంకం గెజిట్లో అచ్చవుతుంది. తెల్లారేసరికి మా ఆఫీసు కంప్యూటర్లో ఉంటుంది. దొరకడానికి పట్టే కాలం సున్నా. కాబట్టి టేబుల్ ప్రకారం సుంకాల ఒప్పందాన్ని ఎవరూ తప్పకూడదు. మరి పట్టపగలు తప్పుతున్నారే?

ఎందుకంటే టేబుల్లో 'దేశం' అని రాసిన గడిలో ఒకే మనిషి లేడు. అమెరికా రొయ్యల మీద సుంకం వేస్తే, అందులో కొంత అమెరికాలో తినేవాడు భరిస్తాడు, కొంత మన ఎగుమతిదారు రేటు తగ్గించి భరిస్తాడు, ఆ తగ్గింపు చివరికి చెరువు గట్టు మీదికి వస్తుంది. లాభం అమెరికాలో రొయ్యలు పట్టేవాళ్లకి, ఖజానాకి. కొనేవాడి మాటా, మా బావ మాటా ఆ గదిలో వినపడదు. అమెరికా లాంటి పెద్ద కొనుగోలుదారుకి సుంకం వల్ల బయట రేటు కిందికి నొక్కే బలం కొంత ఉంది. ఆ బలం ఉన్నంత మేర ఇది నిజంగా ఖైదీల ఆటే. ఆ బలం లేని చోట మనం వేసే సుంకం మన కొనుగోలుదారు జేబులోంచే వస్తుంది. ఊరుకుంటే మనకి సున్నా అన్న మేనల్లుడి గడి అక్కడ తప్పు. ఎదురు సుంకం వేసినందుకే సున్నాకి దగ్గరవుతాం.

అయితే ఎదురు సుంకం ఎప్పుడూ దండగేనా? ఇక్కడ నా వాదనకి ఎదురొచ్చే కథ ఒకటుంది, దాన్ని దాచి మాట్లాడితే నాకే నచ్చదు.

2018 మార్చిలో అమెరికా ఉక్కు మీద 25 శాతం, అల్యూమినియం మీద 10 శాతం సుంకం వేసింది. ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో ఆ వార్త అందరూ చదివారు. భారత్ జూన్‌లో ఎదురు సుంకాలు ప్రకటించింది కానీ వెయ్యలేదు. తేదీ వాయిదా వేస్తూ పోయింది, దాదాపు ఏడాది. 2019 జూన్ 5న మనకిచ్చే సుంకాల రాయితీని అమెరికా తీసేసింది. జూన్ 16న మనవాళ్లు 28 వస్తువుల మీద వేశారు: బాదం, అక్రూట్లు, శనగ, మసూర్ పప్పు, యాపిల్ లాంటివి. యాపిల్ మీద అప్పటికే 50 శాతం ఉంటే ఇంకో 20 కలిపారు.

ఏ వస్తువులు ఎంచారో చూడండి. బాదం కాలిఫోర్నియాది, వాళ్లకి మనం చాలా పెద్ద బజారు. యాపిల్ ఎక్కువగా వాషింగ్టన్ రాష్ట్రానిది. జాబితాలో కొన్ని ఇనుము, ఉక్కు సరుకులూ ఉన్నాయి కానీ, అసలు గురి వాటి మీద కాదు. దెబ్బ కొట్టింది శత్రువుని కాదు, అవతలి ఇంట్లో నోరు మూసుకు కూర్చున్న ఇంకొకడిని. వాడు లేచి అరవాలని. అమెరికా మనకి అమ్మే యాపిల్ బాగా తగ్గిపోయింది, ఆ ఖాళీలోకి టర్కీ, ఇరాన్ కాయ వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రపు సెనేటర్లు గొడవ చేశారు. 2023 జూన్‌లో ప్రధాని పర్యటన సమయంలో ప్రపంచ వాణిజ్య సంస్థలోని ఆరు తగాదాలు ఇద్దరూ కలిసి మూసేశారు. బాదం, యాపిల్ లాంటి వాటి మీద ఆ అదనపు సుంకాలు మనవాళ్లు తీసేశారు.

పని చేసిందనే చెప్పాలి. కానీ ఎలా పని చేసిందో కూడా చెప్పాలి. ఉక్కు మీద 25 శాతం పోలేదు. మినహాయింపు కోసం పెట్టే దరఖాస్తుల్లో ఉక్కుకి 70 శాతం, అల్యూమినియంకి 80 శాతం ఆమోదిస్తామన్నారు, అంతే. పట్టిన కాలం అయిదేళ్లు. పైగా అప్పుడు అమెరికా ఏం చేస్తే మనం ఆపుతామో ఇద్దరికీ తెలుసు. 2025లో 50 శాతంలో సగం రష్యా చమురు కొంటున్నందుకు. వేరే ఆటలో ఎత్తుకి ఈ బల్ల మీద దెబ్బ. అలాంటప్పుడు మనం బాదం మీద కొడితే అవతలివాడికి అందే సందేశం ఏమిటి? ఏం చేస్తే ఆగుతామని? అది చెప్పలేని దెబ్బ, పాఠం నేర్పే దెబ్బ కాదు. ఢిల్లీ ఆ ఆగస్టులో ఎదురు సుంకం వెయ్యలేదు, పైగా దిగుమతి పత్తి మీదున్న 11 శాతం సుంకాన్ని కొంతకాలం ఎత్తేసింది. పిరికితనం అన్నవాళ్లున్నారు. మన మిల్లులకి చవక పత్తి దొరకడం టేబుల్లో ఏ గడిలో పడుతుందో వాళ్లు చెప్పలేదు. పత్తి రైతు అడిగితే నేనేం చెప్పాలో నాకూ తెలియదు, ఆయన కూడా 'దేశం' అన్న గడిలోనే ఉన్నాడు కదా.

దసరాకి భీమవరం వెళ్లినప్పుడు ఇదంతా బావకి చెప్పాను. మేనల్లుడు కాగితం మీద గడులు గీసి, కొన్ని కొట్టేసి, మళ్లీ గీశాడు. బావ యాపిల్ కథ మాత్రం శ్రద్ధగా విన్నాడు. 2018 నుంచి 2023 అంటే ఎన్నేళ్లు అని అడిగాడు. అయిదన్నాను.

"నాకు ఏడాదికి రెండు పంటలు. అయిదేళ్లంటే పది పంటలు బావా" అన్నాడు.

ఆ సాయంత్రం చెరువుల మీదికి వెళ్లాం. ఆరింట్లో మూడింటికే పిల్ల వేశాడు. మిగతా మూడు ఎండగట్టి ఉన్నాయి. ఏరేటర్లు విప్పి గట్టు మీద వరసగా పెట్టి, పైన టార్పాలిన్ కప్పాడు.